ఆక్యుపెన్సీని ఏడీఆర్‌తో గుణిస్తే రెవ్‌పార్ రావట్లేదు, ఆ 60 రూపాయలు ఏమయ్యాయి?

ప్రశ్న: మాది 40 గదుల హోటల్. నెలవారీ ఆక్యుపెన్సీ రిపోర్టు ఎక్సెల్‌లో నేనే చేస్తున్నాను. 2025 జనవరికి ఆక్యుపెన్సీ 50 శాతం, అమ్మిన గదికి సగటు రేటు అయిన ఏడీఆర్ 2,200, అమ్మకానికి ఉన్న ఒక్కో గదికి పడే ఆదాయమైన రెవ్‌పార్ 1,100 వచ్చాయి. ఫిబ్రవరికి 80 శాతం, 3,000, 2,400. రెండు నెలలకూ సగటు తీస్తే 65 శాతం, 2,600, 1,750. కానీ 2,600లో 65 శాతం అంటే 1,690 మాత్రమే. మిగతా 60 రూపాయలు ఏమయ్యాయని ఓనర్ గారు అడుగుతున్నారు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు:

నెలల లెక్కలు సరిగ్గానే ఉన్నాయండి. సగటు తీసిన దగ్గరే తేడా వచ్చింది. నేను విజయవాడలో నైట్ ఆడిటర్‌గా మొదలుపెట్టి, ఇప్పుడు ఫ్రంట్ ఆఫీసు చూస్తున్నాను. మొదటి ఏడాది నేనూ సరిగ్గా ఇలాగే పన్నెండు నెలల శాతాలు కూడి పన్నెండుతో భాగించి ఓనర్ ముందు పెట్టాను. ఆయన కాలిక్యులేటర్ తీసి గుణించి చూస్తుంటే నాకు చెమటలు పట్టాయి.

మీ అంకెలే తీసుకుందాం. జనవరిలో 40 గదులు, 31 రోజులు, అంటే అమ్మకానికి 1,240 రూమ్ నైట్లు ఉన్నాయి. అందులో సగం, 620 అమ్మారు. ఒక్కోటి 2,200 చొప్పున 13,64,000 రూపాయలు వచ్చింది. ఫిబ్రవరిలో 28 రోజులకు 1,120 ఉంటే 896 అమ్మారు. 3,000 చొప్పున 26,88,000. జనవరి అంతా దాదాపు పుష్యమాసమే, పెళ్లిళ్లు ఉండవు. మాఘం రాగానే గదులు నిండాయి, రేటూ పెరిగింది. అంటే ఎక్కువ గదులు అమ్ముడైన నెలలోనే రేటు కూడా ఎక్కువ. మీరు తీసిన 2,600 ఈ రెండు నెలలకూ సమానమైన బరువు ఇచ్చేసింది. 2,200కి అమ్మినవి 620 గదులే, 3,000కి అమ్మినవి 896 అన్న సంగతి ఆ సగటులో ఎక్కడా లేదు.

అందుకే శాతాలనూ రేట్లనూ పక్కన పెట్టి, వాటి వెనకున్న మూడు అంకెలనే కూడాలి. అమ్మినవి 1,516. అమ్మకానికి ఉన్నవి 2,360. గదుల ఆదాయం 40,52,000. ఇప్పుడు భాగించండి. ఆక్యుపెన్సీ 64.24 శాతం, ఏడీఆర్ 2,672.82, రెవ్‌పార్ 1,716.95 వస్తాయి. మొదటి రెంటినీ గుణిస్తే మూడోది వస్తుంది, పైసల్లో తప్ప తేడా ఉండదు. చూశారా, మీ 1,750 కూడా తప్పే, 1,690 కూడా తప్పే. ఆ 60 రూపాయలు ఎక్కడికీ పోలేదు, రెండు తప్పు అంకెల మధ్య తేడా అది.

మీ షీట్‌లో ప్రతి నెలకూ ముందు ఈ మూడు కాలమ్‌లు ఉండాలి. E2లో అమ్మినవి, F2లో అమ్మకానికి ఉన్నవి, G2లో ఆదాయం అనుకోండి:

```
ఆక్యుపెన్సీ   =E2/F2
ఏడీఆర్       =G2/E2
రెవ్‌పార్      =G2/F2
```

సంవత్సరం మొత్తానికి వేసే వరుసలో E, F, G లను SUM చేసి, దానిమీద ఇవే ఫార్ములాలు పెట్టండి. AVERAGE అన్న మాటే ఈ షీట్‌లో ఎక్కడా కనిపించకూడదు.

ఇక ఒక్క నెలలోనే గుణకారం సరిపోకపోతే కారణం వేరే. ఎక్కువసార్లు అది కాంప్లిమెంటరీ గదుల వల్ల వస్తుంది. ఫిబ్రవరిలో అమ్మిన 896 కాక, ఓనర్ గారి బంధువులకు మరో 24 రూమ్ నైట్లు ఉచితంగా ఇచ్చారనుకుందాం. ఫ్రంట్ ఆఫీసు వాళ్లు నిండిన గదులు 920 అని చెబుతారు, ఆక్యుపెన్సీ 82.14 శాతం అవుతుంది. అకౌంట్స్ వాళ్లు డబ్బు వచ్చిన 896తోనే భాగించి ఏడీఆర్ 3,000 అంటారు. గుణిస్తే 2,464, కానీ నిజమైన రెవ్‌పార్ 2,400. ఒకరు ఒక అంకె పట్టుకున్నారు, ఇంకొకరు ఇంకొకటి. నేను మూడు కొలతలకూ అమ్మిన గదులనే వాడతాను. ఉచితంగా ఇచ్చినవాటికి పక్కన విడిగా ఒక కాలమ్ ఉంటుంది. హౌస్‌కీపింగ్‌కు, లాండ్రీ బిల్లుకు 920 అవసరమే, దాన్ని పారేయకండి.

ఇంతవరకూ గుణకారం మనకు కాపలా కాసింది. కానీ అది పట్టుకోలేని తప్పులు ఉన్నాయి. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినవి అవే.

మొదటిది నెల మారే రాత్రి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక హోటల్‌లో బుకింగ్ మొత్తాన్ని చెక్-ఇన్ అయిన నెలలో వేసేవాళ్లం. ఒక కంపెనీ వాళ్లు జనవరి 25న 10 గదులు తీసుకుని 20 రాత్రులు ఉన్నారు. ఆ 200 రూమ్ నైట్లూ జనవరిలోనే పడ్డాయి. నిజానికి జనవరికి చెందినవి 70, ఫిబ్రవరివి 130. ఆదాయం కూడా జనవరిలోకే వెళ్లింది కాబట్టి గుణకారం చక్కగా సరిపోయింది, ఎవరికీ అనుమానం రాలేదు. ఇంకో ఏడాది ఒక నెలకు 103 శాతం వచ్చినప్పుడు గానీ మేము కళ్లు తెరవలేదు. (పొద్దున ఒకరికి, సాయంత్రం ఇంకొకరికి అదే గది ఇచ్చే డే యూజ్ ఎక్కువగా ఉంటే వంద దాటడం నిజంగానే జరుగుతుంది. ముందు అది చూసి, తర్వాతే ఇది అనుమానించండి.)

బుకింగ్ జాబితా నుంచే లెక్క కట్టాల్సి వస్తే రాత్రులను ఇలా విడదీయొచ్చు. B2లో చెక్-ఇన్, C2లో చెక్-అవుట్, D2లో గదుల సంఖ్య, పైన H1లో నెల మొదటి తేదీ:

```
=MAX(0, MIN(INT($C2), EDATE(H$1,1)) - MAX(INT($B2), H$1)) * $D2
```

పై బుకింగ్‌కు, చెక్-అవుట్ ఫిబ్రవరి 14 కాబట్టి, జనవరి కింద 70, ఫిబ్రవరి కింద 130 వస్తాయి. INT ఎందుకంటే, సాఫ్ట్‌వేర్ నుంచి దించిన తేదీల్లో టైమ్ కూడా ఉంటుంది. అది తీసేయకపోతే రాత్రుల సంఖ్య 6.4, 13.46 అంటూ వస్తుంది. రాత్రుల్లో దశాంశం కనిపిస్తే ఇదే కారణం. డబ్బును కూడా ఈ రాత్రుల లెక్కన పంచొచ్చు, కానీ శనివారం రేటు వేరు, మంగళవారం రేటు వేరు అయినప్పుడు అది ఉజ్జాయింపే అవుతుంది.

అందుకే నేను అసలు బుకింగ్ జాబితా జోలికే పోను. రాత్రి ఆ రోజు లెక్కలు మూసే నైట్ ఆడిట్ అయ్యాక వచ్చే రోజువారీ రిపోర్టులో ఆ రాత్రి అమ్మిన గదులు, వాటికి వేసిన రూమ్ ఛార్జీ ఉంటాయి. వాటిని ముప్పై రోజులు కూడితే నెల అయిపోతుంది. ఇందులో ఇంకో సుఖం ఉంది. మాకు రైలు దిగి తెల్లవారుజామున మూడింటికి వచ్చేవాళ్లు చాలామంది. ఫిబ్రవరి 1 తెల్లవారుజామున, ఆడిట్ ఇంకా క్లోజ్ చేయకముందు వచ్చిన గెస్టు లెక్కప్రకారం జనవరి 31 రాత్రికి చెందుతాడు. గోడ మీద క్యాలెండర్ ఏ తేదీ చూపించినా, హోటల్ తేదీ ఆడిట్‌తోనే మారుతుంది. బుకింగ్ జాబితాలో టైమ్ చూసి వేస్తే ఆ రాత్రి పక్క నెలకు జారిపోతుంది.

రెండోది రిపేర్‌లో ఉన్న గదులు. ఫిబ్రవరిలో ఆరు గదులకు పెయింటింగ్ పెట్టారనుకుందాం. వాటిని తీసేసి 34 గదులకే లెక్క వేస్తే అమ్మకానికి ఉన్నవి 952 అవుతాయి. అదే 896 అమ్మకానికి ఆక్యుపెన్సీ 94 శాతం, రెవ్‌పార్ 2,824! మేనేజర్‌కు ఇంక్రిమెంట్ అడగడానికి బాగుంటుంది. గుణకారం ఇక్కడా సరిపోతుంది. కానీ గది మూసినా లోన్ వడ్డీ ఆగదు, అందుకే ఓనర్‌కు కావలసింది 2,400. హోటళ్ల గణాంకాలు సేకరించే ఎస్‌టీఆర్ కూడా తాత్కాలికంగా మూసిన గదులను లెక్కలోంచి తీయదు. దాదాపు ఆరు నెలలో అంతకు మించో మూతపడితేనే తీస్తుంది. మీరూ 40తోనే భాగించి, రిపేర్ రూమ్ నైట్లు 168 అని కింద ఒక లైను రాయండి. ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

మూడోది ఆదాయంలో ఏం కలిసింది అన్నది. 7,500 రూపాయలు, అంతకు లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా. తెలిసిన ఒక హోటల్‌లో బిల్లు మొత్తాన్నే ఆదాయంగా ఎక్కించేవారు. 3,000 గదికి ముందు 3,360, తర్వాత 3,150. అక్టోబరు రిపోర్టు చూసి అక్కడి ఓనర్ మేనేజర్‌ని పిలిచి, “ఏమయ్యా, నాకు చెప్పకుండా రేటు తగ్గించారా?” అని అడిగారట. గది రేటు మీద ఎవరూ చెయ్యి వేయలేదు, తగ్గింది పన్ను. ఆ అబ్బాయి టెన్షన్‌తో నాకు ఫోన్ చేస్తే, రెండు బిల్లులు ఫొటో తీసి పంపమన్నాను. పన్ను లైను చూడగానే తెలిసిపోయింది. మీ షీట్‌లో కూడా ఏదో ఒక బిల్లు తీసి, ఏడీఆర్‌లోకి వెళ్తున్నది పన్నుకు ముందు అంకెనా తర్వాతదా చూసుకోండి.

బ్రేక్‌ఫాస్ట్ కలిపి అమ్మే సీపీ ప్లాన్ గదులదీ ఇదే గొడవ. ఇద్దరికి 250 చొప్పున టిఫిన్ ధర తీసి రెస్టారెంట్ ఖాతాకు మళ్లిస్తే 3,000 గది 2,500 అవుతుంది. మళ్లించడమే సరైన పద్ధతి. ఇన్నాళ్లూ మళ్లించకపోతే మాత్రం ఉన్నట్టుండి ఈ నెల మొదలుపెట్టకండి, పాత నెలలను కూడా అదే పద్ధతిలో మళ్లీ వేశాకే ఓనర్ గారికి ఇవ్వండి. లేకపోతే ఈసారి 60 కాదు, 500 ఏమయ్యాయని అడుగుతారు.