మార్కెట్ ఎంతో లెక్కవేసి మొదలుపెట్టడమా, ఎంత పోతే తట్టుకోగలమో చూసుకుని మొదలుపెట్టడమా?

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో ఎంబీఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఆంట్రప్రెన్యూర్‌షిప్ సెమినార్‌లో నాకు ‘ఎఫెక్చువేషన్, కాజల్ రీజనింగ్’ అనే టాపిక్ ఇచ్చారు. కాజల్ అంటే రెసిపీ చూసి సామాన్లు కొనేవాడు, ఎఫెక్చువేషన్ అంటే వంటింట్లో ఉన్నదాంతో వండేవాడు అనే పోలిక అందరూ చెబుతారు. నిజమైన వ్యాపార నిర్ణయంలో ఈ తేడా ఎక్కడ కనిపిస్తుంది? ఎఫెక్చువేషన్ అంటే ప్లాన్ లేకుండా దిగడమేనా అని మా సార్ అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: ఎఫెక్చువేషన్‌కు చెప్పే అయిదు సూత్రాలూ వరసగా చెప్పుకుంటూ పోకండి. డబ్బు పెట్టే నిర్ణయం ఒక్కటి తీసుకోండి, తేడా అక్కడ బాగా తెలుస్తుంది. కాజల్ పద్ధతిలో ఆలోచించేవారు ‘దీనిమీద ఎంత వస్తుంది?’ అని అడుగుతారు. ఎఫెక్చువల్‌గా ఆలోచించేవారు ‘మొత్తం పోయినా ఇల్లు గడిచేలా ఎంత పెట్టగలను?’ అని అడుగుతారు. మొదటి ప్రశ్నకు జవాబు కావాలంటే రేపటిని అంచనా వేయాలి. రెండో ప్రశ్నకు జవాబు ఇవాళే మీ బ్యాంకు పాస్‌బుక్‌లో ఉంటుంది.

నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. కూకట్‌పల్లిలో ఉంటారు, సొంతూరు మహబూబ్‌నగర్ వైపు. అకౌంట్స్ ఉద్యోగం పోయాక జొన్నరొట్టెల వ్యాపారం పెట్టాలనుకున్నారు. ఆమె మరిది ఎక్సెల్‌లో చక్కటి లెక్క వేసిచ్చాడు. షాపు అద్దె 40,000, ఇద్దరు వంటమనుషుల జీతాలు 36,000, అంటే నెలకు కదలని ఖర్చు 76,000. రొట్టె 20 రూపాయలు. పిండి, గ్యాస్, ప్యాకింగ్ పోను 12 మిగులుతుంది. రోజుకు 300 చొప్పున 26 రోజులు అమ్మితే 93,600. అద్దె, జీతాలు తీసేస్తే నెలకు 17,600 లాభం.

కూడికల్లో తప్పేమీ లేదు. కానీ ఆ 300 ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, పక్కవీధి బండి దగ్గర ఒక సాయంత్రం నిలబడి చూశానన్నాడు. రోజుకు 244 అమ్మితేగానీ ఖర్చులు రావు. 220 దగ్గర ఆగిపోతే నెలకు 7,000 పైగా చేతినుంచి పడతాయి. షాపు అడ్వాన్సు, సామాన్లకు పెట్టే లక్షలు దీనికి అదనం. ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లోనే రిస్కుకూ అనిశ్చితికీ తేడా చూపించాడు. ఏది జరిగే అవకాశం ఎంతో తెలిస్తే అది రిస్కు. ఆ అవకాశాన్నే లెక్కగట్టలేకపోతే అనిశ్చితి. రోజుకు 300 అనేది రెండో కోవలోని అంకె. దాన్ని ఎక్సెల్ గడిలో పెట్టేసరికి మొదటి కోవలోదిలా కనిపించింది.

ఆమె వేరే దారిన వెళ్లారు. పొదుపు 4,00,000 ఉంది. అందులోంచి ఆరు నెలల ఇంటిఖర్చు, పిల్లల ఫీజులు పక్కన పెడితే 60,000 మిగిలింది. ఆ 60,000, నాలుగు నెలల సమయం, ఇంతే పెడతానని కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ చూపించారు. ఆ తర్వాత తన దగ్గర ఏముందో చూసుకున్నారు. వాళ్లమ్మ రొట్టె చేస్తుంది: వేడినీళ్లతో కలిపిన ముద్దను చేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో తుడుస్తుంది. అకౌంట్స్ తనకే వచ్చు. తెలిసినవాళ్లలో ఒక పీజీ హాస్టల్ యజమాని ఉన్నాడు.

అడిగితే చాలామంది ‘ఐడియా బాగుంది’ అన్నారు. ఆ మాటను ఆమె లెక్కలోకి తీసుకోలేదు. హాస్టల్ యజమాని మాత్రం రోజూ రాత్రికి 60 రొట్టెలు, ఒక్కొక్కటి 14 రూపాయలకు కావాలని పది రోజుల డబ్బు 8,400 ముందే ఇచ్చాడు. ఎఫెక్చువేషన్‌లో భాగస్వామి అంటే ఇలా తనదంటూ ఏదో ఒకటి తెచ్చి పెట్టినవాడే. మెచ్చుకుని వెళ్లిపోయినవాడు కాడు. సెమినార్‌లో ఈ ముక్క తప్పకుండా చెప్పండి, చాలామంది ఇక్కడే పొరబడతారు.

తర్వాత దెబ్బ తగిలింది. ఏడింటికి పంపిన రొట్టె, కుర్రాళ్లు పదింటికి తినేసరికి అట్టలా గట్టిపడేది. సగం వెనక్కి వచ్చేవి. అయితే ఆ హాస్టల్‌కు వచ్చిపోయేవాళ్ల ఇళ్లనుంచి ‘రొట్టె వద్దు, ఆ పిండి ఇస్తారా?’ అని అడగడం మొదలైంది. పాతబడిన జొన్నపిండికి జిగి పోతుంది, తడుతుంటే అంచులు పగులుతాయి. ప్యాకెట్ పిండితో రోజూ పడే పాట్లే అవి. వీళ్లది ఆ వారమే గిర్నీలో పట్టించిన పిండి. అలా రొట్టెల వ్యాపారం కాస్తా పిండి వ్యాపారమైంది. అప్పటికి ఖర్చయింది 18,000. షాపు తీసుకుని ఉంటే అద్దె కట్టాలి కాబట్టి రొట్టెలే అమ్ముతూ కూర్చోవలసి వచ్చేది.

మీ సార్ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ప్లాన్ ఉంది: ఎక్కడ ఆగాలో ముందే రాసుకున్న ప్లాన్. లేనిది ముందే గీసుకున్న గమ్యం. ఆ కాగితం లేకపోతే మాత్రం సార్ అన్నదే నిజమవుతుంది. ‘ఇంకో నెల చూద్దాం, ఇంకో పదివేలే కదా’ అని భరించగల నష్టం గీత జరుగుతూ పోతుంది. గీత జరిగిందా లేదా అన్నది ఆ కాగితం చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఈ ఆలోచనకు రూపం ఇచ్చింది పరిశోధకురాలు సరస్ సరస్వతి. ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన హెర్బర్ట్ సైమన్ దగ్గర, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు, 2001లో వచ్చిన వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది. అనుభవమున్న 27 మంది వ్యాపారవేత్తలకు ఒక ఊహాత్మక ఉత్పత్తి ఇచ్చి, నిర్ణయాలు తీసుకుంటూ మనసులో మాట పైకి చెప్పమన్నారు. తర్వాత అదే పరీక్ష 37 మంది ఎంబీఏ విద్యార్థులకు పెట్టి పోల్చారు. విద్యార్థులు తమకిచ్చిన మార్కెట్ సర్వే అంకెలను నమ్మి లెక్క మొదలుపెట్టారు. అనుభవజ్ఞులు చాలావరకు ఆ అంకెలనే అనుమానించారు. అయితే ఆ 27 మందీ నెగ్గినవాళ్లు. ఇలాగే ఆలోచించి మునిగినవాళ్లు అందులో లేరు. కాబట్టి అనుభవజ్ఞులు ఎలా ఆలోచిస్తారో ఈ పరిశోధన చూపిస్తుంది, అలా ఆలోచిస్తే గెలుస్తారని నిరూపించదు. ఈ పరిమితిని ఎవరో అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.

రెండు పద్ధతులనూ రెండు రకాల మనుషులుగా చూపించకండి. సరస్వతి కూడా అలా అనలేదు. జీనోమ్ వ్యాలీలో మందుల ప్లాంటు కట్టేవాడు చేతిలో ఉన్నదాంతో మొదలుపెడతానంటే కుదరదు. అక్కడ అనుమతులు, యంత్రాలు, పెట్టుబడి ముందే లెక్కకు రావాలి. మన పిండి ఆవిడ కూడా ఎనిమిది నెలలకు కాజల్ లెక్కకే వచ్చారు. అప్పటికి 140 ఇళ్లు, వారానికి ఇంటికి 2 కిలోలు. గిర్నీకి కిలోకు 6 రూపాయల చొప్పున నెలకు దాదాపు 7,200 కడుతున్నారు. సొంత మర 90,000. కరెంటు, అరుగుదల పోను నెలకు 5,200 మిగిలితే, పెట్టింది తిరిగి రావడానికి 17 నెలలు పైగా పడుతుంది. ఈసారి 140 అనేది ఆమె పుస్తకంలోని అంకె, ఊహ కాదు. అందుకే ఆ లెక్కను నమ్మవచ్చు. 17 నెలలు ఎక్కువనిపించి మర కొనలేదు. గిర్నీ ఆయనతో మాట్లాడుకుని, ముందురోజు బియ్యప్పిండి కలవకుండా మర తుడిచి, పొద్దున మొదట తన జొన్నలే పట్టేలా ఏర్పాటు చేసుకున్నారు.

సెమినార్‌కు ముందు మీ క్లాసులో ఇద్దరికి, మీ వీధిలో పదేళ్లుగా కొట్టు నడుపుతున్న ఒకరికి ఈ రొట్టెల సమస్యే ఇచ్చి, ఆలోచన పైకి చెప్పమని ఫోన్‌లో రికార్డు చేయండి. ‘ఎంత అమ్ముడవుతుంది’ అనే వాక్యాలెన్ని, ‘నా దగ్గర ఏముంది, ఎవరు కలిసొస్తారు’ అనేవెన్ని అని లెక్కపెట్టండి. ముగ్గురితో ఏదీ రుజువు కాదు. కానీ స్లైడ్ మీద ఆ వాక్యాలనే ఉన్నవున్నట్టు పెడితే, తేడా ఎక్కడుందో క్లాసుకు వాళ్ల మాటల్లోనే వినిపిస్తుంది.