కంపెనీ వేసిన పీఎఫ్ మీద నాకు పన్ను ఎందుకు?

సార్, మాది హన్మకొండ. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్న. బేసిక్ నెలకు 2,75,000. కంపెనీ తన వంతుగా పీఎఫ్‌కు 33,000 వేస్తది, నేనూ అంతే వేస్త. పీఎఫ్‌తోటి వచ్చే పెన్షన్ స్కీముల నేను లేను. ఏప్రిల్ 2025 నుంచి ఎన్‌పీఎస్‌ను 10 శాతం నుంచి 14 శాతానికి పెంచిర్రు. ఇప్పుడు 2025-26 ఫారం 16ల పర్క్విజిట్స్ కింద 1,12,226 రూపాయలు కలిపిర్రు. కారు, ఇల్లు ఏమీ ఇయ్యలే. చేతికి రాని పైసల మీద పన్ను ఏంది? రేపు తీసుకునేటప్పుడు మళ్లీ పడుతదా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

మీ కంపెనీ పొరపాటు చేసినట్టు లేదు. కానీ ఆ అంకెలో రెండు వేర్వేరు మొత్తాలు కలిసి ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తేనే లెక్క సరిపోయిందో లేదో తెలుస్తుంది.

మొదటిది పరిమితి దాటిన సొమ్ము. యజమాని ఉద్యోగి పేరున గుర్తింపు పొందిన పీఎఫ్‌కు, ఎన్‌పీఎస్‌కు, ఆమోదం పొందిన సూపర్‌యాన్యుయేషన్ ఫండ్‌కు వేసేదంతా కలిపి ఏడాదికి 7,50,000 రూపాయలు దాటితే, దాటిన భాగం పర్క్విజిట్, అంటే జీతంతో పాటు పన్ను పడే ప్రయోజనం అవుతుంది. 2020 ఫైనాన్స్ చట్టం ద్వారా సెక్షన్ 17(2)(vii)లో ఈ నిబంధన చేరింది. పీఎఫ్‌కు ఒక పరిమితి, ఎన్‌పీఎస్‌కు ఇంకో పరిమితి అని విడివిడిగా లేవు. పీఎఫ్ ఒక్కదానితోనే ఇది దాటాలంటే ఏడాది బేసిక్ 62,50,000 పైన ఉండాలి. అందుకే చాలామందికి ఈ సంగతే తెలియదు. పీఎఫ్ 12 శాతానికి ఎన్‌పీఎస్ 14 శాతం తోడైతే మాత్రం నెలకు సుమారు 2,40,000 బేసిక్ దగ్గరే గీత దాటిపోతుంది.

మీ బేసిక్ ఏడాదికి 33,00,000. కంపెనీ వేసిన పీఎఫ్ 3,96,000, ఎన్‌పీఎస్ 4,62,000, కలిపి 8,58,000. దాటింది 1,08,000. ఎన్‌పీఎస్ 10 శాతమే ఉన్నప్పుడు ఇదే బేసిక్ మీద మొత్తం 7,26,000 వచ్చేది, అంటే పరిమితి లోపలే. ఈ భారం ఆ 4 శాతం పెంపుతోనే వచ్చింది.

మిగిలిన 4,226 ఆ అదనపు సొమ్ము మీద పుట్టిన రాబడి. దీన్ని సెక్షన్ 17(2)(viia) కింద, రూల్ 3బీలో ఇచ్చిన సూత్రంతో లెక్క కడతారు:

```
TP = (PC/2) × R + (PC1 + TP1) × R
R  = I / Favg
```

TP అంటే ఈ ఏడాది పన్నుకు లెక్కించే రాబడి, R అంటే రాబడి రేటు, PC అంటే ఈ ఏడాది దాటిన సొమ్ము. PC1, TP1 అంటే 1 ఏప్రిల్ 2020 నుంచి గత ఏడాది దాకా పోగైన అదనపు సొమ్ము, దాని మీద ఇప్పటికే పన్నుకు లెక్కించిన రాబడి. మీకు ఇది మొదటి ఏడాది కాబట్టి ఆ రెండూ సున్నా. I అంటే ఖాతాలో ఈ ఏడాది వచ్చిన వడ్డీ. Favg అంటే ఏప్రిల్ 1న, మార్చి 31న ఉన్న నిల్వల సగటు.

ఉదాహరణకు మీ పీఎఫ్ ఖాతాలో మొదట 40,00,000 ఉంది, ఏడాదిలో మీ వంతు, కంపెనీ వంతు కలిపి 7,92,000 చేరింది, వడ్డీ 3,58,000 వచ్చింది అనుకుందాం. చివరి నిల్వ 51,50,000, సగటు 45,75,000. వడ్డీని సగటుతో భాగిస్తే R సుమారు 7.825 శాతం. 1,08,000లో సగం 54,000. దానికి 7.825 శాతం కడితే 4,226. సగమే ఎందుకంటే, సొమ్ము ఏడాది పొడుగునా నెలనెలా పడింది కాబట్టి సగటున ఆరు నెలలే వడ్డీ సంపాదించిందని సూత్రం భావిస్తుంది.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కొందరు పేరోల్ వాళ్లు సగం చేయడం మరిచి, ప్రకటించిన వడ్డీ రేటునే మొత్తం 1,08,000 మీద వేస్తారు. 8.25 శాతంతో అలా వేస్తే 8,910 వస్తుంది, అసలుకు రెట్టింపు పైనే. పీఎఫ్ వడ్డీ ఖాతాలో ఆలస్యంగా పడుతుంది కాబట్టి, అంచనా నిల్వలతో లెక్క కట్టి వదిలేసేవారూ ఉన్నారు. passbook.epfindia.gov.in నుంచి పాస్‌బుక్ దించుకుని, రెండు నిల్వలూ వడ్డీ మీరే వేసి చూడండి. అదనపు సొమ్మును పీఎఫ్‌దిగా చూపారా, ఎన్‌పీఎస్‌దిగా చూపారా అన్నది కంపెనీని రాతపూర్వకంగా అడగండి. రెండింటి రాబడి ఒకటి కాదు కాబట్టి R మారిపోతుంది. ఎంచుకున్న పద్ధతినే ఏటా పాటించమనండి.

ఇంకొకటి తప్పక చూడాలి. కంపెనీ వేసిన ఎన్‌పీఎస్ 4,62,000 మొదట జీతంలో కలుస్తుంది, తర్వాత సెక్షన్ 80సీసీడీ(2) కింద తగ్గుతుంది. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే బేసిక్‌లో 14 శాతం, అంటే మొత్తం 4,62,000 తగ్గాలి. పరిమితి దాటిందన్న కారణంతో కొన్ని చోట్ల ఈ మినహాయింపును కూడా 3,54,000కు కోసేస్తారు. అలా చేస్తే అదే 1,08,000 మీద రెండుసార్లు పన్ను పడినట్టే. పాత విధానం ఎంచుకుని ఉంటే మాత్రం, ప్రైవేటు ఉద్యోగులకు ఈ మినహాయింపు 10 శాతం వరకే.

ఫారం 16తో పాటు ఫారం 12బీఏ కూడా తీసుకోండి. అందులో అదనపు సొమ్ముకు ఒక వరుస, దాని రాబడికి ఇంకో వరుస ఉంటాయి. 30 శాతం స్లాబులో సెస్సుతో 31.2 శాతం చొప్పున 1,12,226 మీద పన్ను సుమారు 35,015. ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌చార్జి అదనం. మీ సొంత వంతు 2,50,000 దాటినందుకు పీఎఫ్ వడ్డీ మీద పడే పన్ను వేరే సంగతి. అది ఇతర ఆదాయం కింద వస్తుంది, దీనితో కలపకండి.

వచ్చే ఏడాది కంపెనీ ఒక్క రూపాయి కూడా పరిమితి దాటి వేయకపోయినా, ఈ 1,12,226 మీద రాబడి మళ్లీ లెక్కలోకి వస్తుంది. R 7.8 శాతం అయితే అది సుమారు 8,754. ఈసారి సగం చేయడం ఉండదు. 1 ఏప్రిల్ 2026 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లు మారతాయి, 7,50,000 పరిమితి మాత్రం అందులోనూ ఉంది.

తీసుకునేటప్పటి సంగతి. అయిదేళ్ల నిరంతర సర్వీసు తర్వాత పీఎఫ్ తీసుకుంటే, ఈ అదనపు సొమ్ము మీద మళ్లీ పన్ను పడదు. అంతకు ముందే తీసుకోవాల్సి వస్తే యజమాని వంతు, దాని వడ్డీ జీతంగా పన్నుకు వస్తాయి. ఇప్పటికే పన్ను కట్టిన భాగాన్ని అప్పుడు రుజువు చేయాల్సింది మీరే. అందుకే ప్రతి ఏడాది ఫారం 12బీఏను, రాబడి లెక్క కాగితాన్ని దాచుకోండి.

నా మాటైతే, ఎన్‌పీఎస్ వంతును నెలకు 29,500కు తగ్గించమని హెచ్‌ఆర్‌ను అడగండి. పీఎఫ్‌తో కలిపి సరిగ్గా 7,50,000 అవుతుంది. మిగతాది జీతంగానే తీసుకోండి. పన్ను ఎలాగూ అంతే, కానీ సొమ్ము మీ చేతిలో ఉంటుంది. ఎన్‌పీఎస్‌లో ఉంచితే ఇప్పుడు పన్ను కట్టి, రేపు అందులోంచి వచ్చే పెన్షన్ మీద కూడా కట్టాలి. బేసిక్ పెరిగిన ప్రతిసారీ పీఎఫ్ వంతు తనంతట తానే పెరుగుతుంది కాబట్టి ఈ 29,500ను అప్పుడల్లా తిరిగి లెక్కించుకోవాలి. బేసిక్ 2,90,000 అయిన ఏడాది అది 27,700కు దిగుతుంది.