వంట, లెక్కలు రెండూ వచ్చు – ఏం పెట్టాలి?

"రాయగడలో ఉంటాను. వంట బాగా చేస్తాను, ట్యాలీ వచ్చు. కర్రీ పాయింట్‌కు పోటీ ఎక్కువ, అకౌంట్స్‌కు జీతం తక్కువ. రెండూ కలిపి ఏమైనా చేయొచ్చా?"

మీరు రెండిటినీ విడివిడిగా అమ్మాలని చూస్తున్నారు, చిక్కు అక్కడే. మెస్సులకు, క్యాటరింగ్ వాళ్లకు ఒక్కో ప్లేటుకు ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టి ఇవ్వండి. బిల్లు చూసే అకౌంటెంట్‌కు వంటింటి తరుగు తెలియదు. వండేవాళ్లు లెక్క రాయరు.

1. ముందు ఒక్క మెస్సులో ఒక్క కూరే లెక్కకు తీసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: శుభ్రం చేశాక మళ్లీ తూకం వేయాలి. చేపలు కిలో 200 చొప్పున 10 కిలోలు కొన్నారనుకుందాం. పొలుసు, తల, పేగులు పోయాక 7 కిలోలు మిగిలాయి. 70 గ్రాముల ముక్కలు 100 వస్తాయి. బిల్లు ధరతో కడితే ముక్క 14 రూపాయలు, నిజానికి 20. ప్లేటుకు రెండు ముక్కలంటే 12 రూపాయలు లెక్కలోకే రాలేదు! తరుగు చేపను బట్టి, కోసే చేతిని బట్టి మారుతుంది, కాబట్టి మీరే నిలబడి తూయించండి.

3. నూనె, మసాలా, గ్యాస్ గిన్నె మొత్తానికి కట్టి ప్లేట్లతో భాగించండి.

4. వారం చివర: మొదటి సరుకు + కొన్నది − మిగిలింది = వాడింది. అమ్మిన ప్లేట్ల లెక్క కంటే ఇది బాగా ఎక్కువైతే గరిటె పెద్దదైనా అయ్యుండాలి, సరుకు బయటికైనా పోతుండాలి.

మొదటి కూర లెక్క ఊరికే చేసి చూపించండి, తర్వాత నెలకింత అని మాట్లాడుకోండి. జీఎస్టీ రిటర్నుల పని మాత్రం ఇందులో కలపొద్దు.