ట్రైన్‌లో తీసిన ఫోటో పెట్టి ‘ఈమె ఎవరు’ అని అడగొచ్చా?

ప్రశ్న: చిత్తూరు నుంచి తిరుపతి వస్తుంటే నా ఎదురు సీట్లో అమ్మాయి పుస్తకాల కవరు మర్చిపోయి దిగిపోయింది. కిటికీలోంచి కొండల్ని తీసినప్పుడు ఆమె కూడా ఫోటోలో పడింది. మా ఊరి గ్రూపులో పెట్టి ఎవరో కనుక్కోవచ్చా?

జవాబు: పెట్టకండి. మా అక్క కూతురి విషయంలో ఇలాగే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

తను పాకాలలో ఎక్కి రోజూ తిరుపతికి కాలేజీకి వచ్చేది. ఎవరో ట్రైన్‌లో తన ఫోటో తీసి, ‘ఈ పాప ఎవరో తెలుసా?’ అని ఒక పెద్ద గ్రూపులో పెట్టారు. మెడలోని ఐడీ కార్డు తాడు రంగు చూసి ఒకరు కాలేజీ పేరు చెప్పారు. ఇంకొకరు ‘పాకాలలో ఎక్కుతుంది, పొద్దున బండి’ అన్నారు. మూడో మనిషి ఇంటిపేరు, వీధి చెప్పేశాడు. ఎవరికి వాళ్లు సాయం చేస్తున్నామనే అనుకున్నారు. కానీ అవన్నీ కలిపితే ఒక ఆడపిల్ల ఏ టైముకి ఎక్కడుంటుందో తెలియని వాళ్లందరికీ చెప్పినట్టయింది. వారం తిరక్కుండానే ఒకతను ప్లాట్‌ఫామ్ మీద కాచుకుని పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. వద్దని చెప్పినా ఆగలేదు. ఆ టెన్షన్‌కి తను ట్రైన్ మానేసి బస్సులో వెళ్లింది.

ముఖం బ్లర్ చేస్తే సరిపోతుందని కొందరంటారు. మా పాపను పట్టించింది ముఖం కాదు, ఆ తాడూ బండి టైమూ. ముఖం కనిపిస్తే ఇంకో ప్రమాదం ఉంది. ముఖాన్ని బట్టి నెట్‌లోని ఫోటోలు వెతికే సైట్లు ఇప్పుడున్నాయి. 2016లోనే రష్యాలో ఒక ఫోటోగ్రాఫర్ మెట్రోలో ముక్కూమొహం తెలియని వాళ్లను ఫోటో తీసి, ఇలాంటి యాప్‌తో వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు పట్టి చూపించాడు. ఇవి పోలికలున్న వేరే మనిషిని కూడా చూపిస్తాయి. అప్పుడు ఏ సంబంధమూ లేని ఇంకో అమ్మాయి మీద పడతారు.

మీ కవరు సంగతికొస్తే, స్టేషన్ మాస్టర్‌కి గానీ ఆర్‌పీఎఫ్ వాళ్లకి గానీ ఇవ్వండి. ఏ బండి, ఏ పెట్టె, ఆమె ఎక్కడ దిగిందో చెప్పండి. గ్రూపులో రాయాలనుకుంటే ‘పుస్తకాల కవరు దొరికింది, స్టేషన్‌లో ఇచ్చాను’ అని మాత్రం రాయండి. లోపల ఏ పుస్తకాలున్నాయో రాయొద్దు, అవి చెప్పగలిగిన మనిషే అసలు యజమాని.

ఇప్పటికే పెట్టేసి ఉంటే ఫోటో తీసేసి, కింద వచ్చిన జవాబుల్ని కూడా తీసేయమని అడ్మిన్‌ని అడగండి. అసలు ఆనవాళ్లన్నీ వాటిలోనే ఉంటాయి. అప్పటికే సేవ్ చేసుకున్న వాళ్ల ఫోన్లలోంచి మాత్రం పోదు.

ఇలా మీ ఇంటి పిల్ల ఫోటో బయటికొస్తే, ఆ ఫోటో, జవాబులు చెరిపించే ముందు వాటిని పెట్టిన వాళ్ల నంబర్లు, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి cybercrime.gov.in లో ఫిర్యాదు చేయండి. వద్దన్నా ఎవడైనా వెంటపడుతుంటే అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఆ స్క్రీన్‌షాట్లతోనే పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి.