ట్రెక్ ఆఖరి రాత్రి ఏం మాట్లాడాలి? ఒక్కొక్కరికి ఒక్కో మాట

ప్రశ్న: రెండు రోజుల కొండవీడు ట్రెక్ రేపు పొద్దున్నతో అయిపోతుంది. మొత్తం పద్దెనిమిది మందిమి. గుంటూరు వాళ్లు, విజయవాడ వాళ్లు, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు. రాత్రి భోజనాల దగ్గర నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు, టెన్షన్‌గా ఉంది. ఏం చెప్తే బాగుంటుంది?

జవాబు:

ఉపన్యాసం జోలికి వెళ్లకండి. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఈ రెండు రోజుల్లో ఆ మనిషి చేసిన ఒక్క పని, మీ కళ్లతో చూసింది, చెప్పండి చాలు. మనిషికి అర నిమిషం వేసుకున్నా తొమ్మిది నిమిషాల్లో అయిపోతుంది. గుంటూరు నుంచి కొండవీడుకి, విజయవాడ నుంచి కొండపల్లి ఖిల్లాకి గ్రూపులతో వెళ్తుంటాను. ఆఖరి రాత్రి మేం చేసేది ఇదే.

ఇప్పుడు ఒక కాగితం మీద అందరి పేర్లూ రాయండి. పేరు చూస్తూ ఆలోచిస్తే 'మంచివాడు', 'సరదాగా ఉంటుంది' లాంటివే తోస్తాయి. అందుకని మనుషుల్ని వదిలేసి దారిని గుర్తు చేసుకోండి. కొండ కింద బ్యాగులు దించిన చోటు, మెట్ల దారిలో మొదటిసారి ఆగిన చోటు, పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు, కూలిన బురుజుల దగ్గర ఫొటోలు దిగిన చోటు, దిగేటప్పుడు ఎండ దంచిన మలుపు. ప్రతి చోటా ఆగి, అక్కడ ఎవరు ఏం చేస్తున్నారో చూసుకోండి. చెరువు గట్టు తలుచుకోగానే, షూ తడిసి కాలు బొబ్బలెక్కిన కుర్రాడికి తన పొడి సాక్సు ఇచ్చిన మనిషి గుర్తొస్తుంది. అది ఆ మనిషి పేరు పక్కన రాసేయండి. చివరికి ఇద్దరు ముగ్గురి పేర్ల పక్కన ఖాళీ మిగులుతుంది. వాళ్ల పక్కన నడిచినవాళ్లని అడగండి, ఏదో ఒకటి తప్పకుండా దొరుకుతుంది. తక్కువ మాట్లాడేవాళ్ల దగ్గరే మంచి సంగతులు ఉంటాయి, తొందరపడి దాటేయకండి.

రాసుకున్నాక పేరును బొటనవేలితో మూసి వాక్యం చదవండి. అది ఇంకొకరికి కూడా సరిపోతే కొట్టేసి మళ్లీ రాయండి. 'మీరు ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు' అన్నది సగం మందికి సరిపోతుంది. మా గ్రూపులో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆయనకి ముందు రాసింది 'ఈ వయసులో కూడా ఎంత ఉత్సాహమో' అని. ఆ మాట ఏ పెద్దాయనకైనా అంటారు, పైగా వయసునే ఎత్తిచూపుతుంది. మార్చి ఇలా చెప్పాం: 'మాస్టారూ, ప్రతి చెరువు దగ్గరా మీరు కూర్చుని, వెనక వచ్చేవాళ్లని ఒక్కొక్కరినీ లెక్కపెట్టాకే లేచారు. మీరు లెక్క చూస్తున్నారన్న ధైర్యంతోనే మేం వెనక నింపాదిగా నడిచాం.' ఆయన తల వంచుకుని చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

సగంలో ఆగిపోయినవాళ్ల విషయంలో మాత్రం బాగా ఆలోచించి రాయండి. మోకాలు నొప్పితో మెట్ల దగ్గరే ఆగి కింద ఉండిపోయిన అక్క ఒకావిడకి, ఇంకొకరు ప్రేమగానే 'పైకి రాలేకపోయినా మీ ప్రయత్నం గొప్పది' అన్నారు. ఆవిడ మొహం చిన్నబోయింది. రెండు రోజులు ఆవిడ చేసిన పనులన్నీ పోయి, చేయలేకపోయినది ఒక్కటే అందరి ముందూ నిలబడింది. కింద ఉండి ఆవిడ చేసింది చెప్పి ఉండాల్సింది: 'అక్కా, మేం దిగొచ్చేసరికి నిమ్మకాయ నీళ్లు కలిపి పెట్టావు. అందరి ఫోన్లూ ఛార్జింగ్ పెట్టావు. నువ్వు కింద ఉండబట్టే మేం బ్యాగుల గురించి తలుచుకోకుండా తిరిగాం.' నడక నెమ్మదైనవాళ్ల మీద, ఆయాసపడినవాళ్ల మీద జోకులు కూడా ఈ రాత్రికి వద్దు. దారిలో నవ్వినవాళ్లే పదిమందిలో వింటే నొచ్చుకుంటారు.

దారి దగ్గరో, టైము దగ్గరో మాటా మాటా అనుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లని దాటేయకండి, లేని ప్రేమా ఒలకబోయకండి. 'మనిద్దరికీ దారి విషయంలో పడలేదు తమ్ముడూ. కానీ చీకటి పడ్డాక నా ముందు టార్చి పట్టుకుని నడిచింది నువ్వే' అంటే చాలు. ఇందులో అబద్ధం లేదు, గొడవను మళ్లీ తవ్వడమూ లేదు.

మొదట పిలవాల్సింది వంట చేసినవాళ్లని, బండి తోలిన అన్నని. వాళ్లు ఈ వలయంలో కూర్చోరు, పొయ్యి దగ్గరో బండి దగ్గరో ఉంటారు. లోపలికి పిలిచి కూర్చోబెట్టాకే మొదలుపెట్టండి. మాకు వండిపెట్టిన పిన్నిగారికి చెప్పిన మాట: 'పిన్నీ, హైదరాబాద్ వాళ్లు గుంటూరు కారం తట్టుకోలేరని మీరు గోంగూర పచ్చడి రెండు గిన్నెల్లో విడివిడిగా చేశారు. మేం ఎవరం అడగలేదు, మీరే చూసుకున్నారు.' మీకంటే పెద్దవాళ్లని 'మీరు' అనే అనండి. రెండు రోజుల చనువుతో 'నువ్వు'లోకి వచ్చినవాళ్లని అలాగే పిలవండి. ఈ ఒక్క రాత్రి కోసం 'గారు' తగిలిస్తే పరాయిగా ఉంటుంది.

ఇదంతా వడ్డనకు ముందే పెట్టుకోండి. విస్తర్లు వేశాక ఎవరూ వినరు, తిన్నాక సర్దుకోవడానికి లేచిపోతారు, పొద్దున్న రైలు ఉన్నవాళ్లు నిద్రకి వెళ్లిపోతారు. కాగితం చూసి చదవండి, అందులో తప్పేం లేదు. నెట్‌లో దొరికే స్నేహం కవితలు మాత్రం వద్దు. ఒకసారి ఒకరు పొడుగాటి కవిత చదువుతుంటే, రెండో చరణానికే అందరూ ఫోన్లు తీశారు.

మౌనం పాటించే శిబిరాలకు ఇది ఇలాగే పనికిరాదు. ఏలూరు దగ్గర విజయరాయిలో విపశ్యన కేంద్రం ఉంది కదా, అలాంటి పది రోజుల కోర్సులో మౌనం వదిలేది పదో రోజే. అప్పటిదాకా పక్కవాళ్ల పేరు కూడా తెలియదు. అక్కడ 'మీకు ధ్యానంలో ఏం అనిపించింది' అని గుచ్చి అడగకుండా, 'మెట్ల దగ్గర చెప్పులన్నీ రోజూ వరసగా సర్దింది మీరే కదండీ, చూశాను' లాంటి చిన్న మాట, విడిగా, ఒక్కరితో అంటే బాగుంటుంది. పదిమందిలో చెప్పే పద్ధతి అక్కడ నప్పదు.

ఇక ముగింపు. 'ప్రతి నెలా కలుద్దాం' అని ఊరికే అనకండి. తారీఖు పెట్టకపోతే కలవరు, ఆ మాట అన్నవాళ్లకే తర్వాత ఇబ్బంది. నేనైతే ఇలా ముగిస్తాను: 'రేపు ఇంటికి చేరగానే అందరూ గ్రూపులో చేరాను అని ఒక్క మాట పెట్టండి. పద్దెనిమిది వచ్చేదాకా నేను చూస్తూ ఉంటాను. రండి, అన్నం చల్లారిపోతోంది.' ఆ తర్వాత రేపు నిజంగా చూడండి. సాయంత్రానికి ఎవరి మాటైనా రాకపోతే మీరే ఫోన్ చేయండి.