రాత్రిపూట లాగౌట్ చేయించడమే మా తప్పు

ప్రశ్న: మాది చిన్న బట్టల షాపు. షాపు గూగుల్ అకౌంటును నేనూ, పనిచేసే నలుగురూ ఎవరి ఫోనులో వాళ్లం తెరుస్తాం. రెండు రోజులకొకసారి ‘ఇది మీరేనా’ అని ఆపేసి కోడ్ అడుగుతోంది. ఇది ఆగాలంటే ఏం చేయాలి?

అనంతపురం పాతఊరిలో మాకు పట్టుచీరల దుకాణం ఉంది. మొన్నమొన్నటి వరకు మాదీ ఇదే అవస్థ. ఒకటే అకౌంటు, ఒకటే పాస్‌వర్డు, ఐదు ఫోన్లు. మ్యాపులో దుకాణం ఫొటోలు పెట్టడం, రివ్యూలకు జవాబులివ్వడం, ఆర్డర్ల మెయిళ్లు చూసుకోవడం అన్నీ దానితోనే జరిగేవి. భద్రంగా ఉంటుందని నేనొక నియమం కూడా పెట్టాను: రాత్రి షట్టరు దించే ముందు ప్రతి ఒక్కరూ తమ ఫోనులోంచి అకౌంటును తీసివేయాలి, పొద్దున మళ్లీ పాస్‌వర్డు కొట్టి తెరవాలి. ఆ నియమమే మా కష్టాలకు మూలమని తెలియడానికి ఒక దసరా సీజను పట్టింది.

ఆ రోజు నేను సరుకు కోసం ధర్మవరం బస్సులో వెళ్తున్నాను. పొద్దున పదిన్నరకు దుకాణంలో ముగ్గురూ ఒకేసారి అకౌంటు తెరవబోయారు. రెండు నిమిషాల్లో నా ఫోనుకు మూడు కోడ్‌లు వచ్చాయి. ఏది ఎవరిదో వాటి మీద రాసి ఉండదు కదా. బిల్లింగు చూసే అమ్మాయి ఫోను చేసి “అన్నా, కోడు వచ్చిండాదా?” అని అడిగితే పైనున్నది చదివి చెప్పాను. అది కౌంటరు అబ్బాయి అడిగిన కోడ్. ఆమెకు తప్పని చూపింది, అతనికేమో ఇంకా రానేలేదనిపించింది. అంతలో నా తెర మీద ‘లాగిన్ అవుతున్నది మీరేనా’ అన్న ప్రశ్న వచ్చింది. కింద కనిపించిన ఊరు చెన్నై. మనవాళ్లు చెన్నైలో ఎవరున్నారని కంగారుపడి కాదని నొక్కాను, అది చెప్పినట్టే పాస్‌వర్డు కూడా మార్చేశాను. పాస్‌వర్డు మారిస్తే మిగిలిన ఫోన్లన్నీ బయటికి వచ్చేస్తాయన్న సంగతి అప్పుడు నాకు గుర్తు లేదు. దుకాణంలో వాళ్లు పాత పాస్‌వర్డునే పదేపదే కొట్టారు. చివరికి చాలాసార్లు తప్పు కొట్టారంటూ కొన్ని గంటల పాటు దారే మూసుకుపోయింది. దసరా గిరాకీ సమయంలో మధ్యాహ్నం వరకు ఒక్క ఆర్డరు మెయిలు చూడలేకపోయాం.

ఆ చెన్నై మనిషి మా కౌంటరు అబ్బాయే. మొబైల్ డేటా వాడినప్పుడు కనబడే ఊరు ఫోను ఉన్న చోటు కానక్కరలేదు. ఆ నెట్‌వర్కు ఇంటర్నెట్‌లో కలిసే చోటు అక్కడ కనబడుతుంది. అనంతపురంలో కూర్చున్న ఫోను చెన్నైగా, హైదరాబాదుగా కనబడటం మామూలే. అయితే ఊరొక్కటే కారణం కాదు. ఒకసారి లాగిన్ అయిన ఫోనులో ఒక గుర్తు మిగిలి ఉంటుంది, తరువాత ఆ గుర్తును చూసే పాత ఫోనని పోల్చుకుంటారు. అకౌంటును తీసివేస్తే ఆ గుర్తులో చాలా భాగం పోతుంది. అంటే మేము ప్రతి రాత్రీ ఐదు పాత ఫోన్లను కొత్త ఫోన్లుగా మార్చి, పొద్దున ఒకే పాస్‌వర్డుతో, వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినట్టు, ఒకే గంటలో తలుపు తట్టించేవాళ్లం. పాస్‌వర్డు దొంగిలించినవాడు చేసే పనీ ఇంచుమించు అదే. మా కౌంటరు అబ్బాయి క్రికెట్ చూడటానికి ఉచిత వీపీఎన్ ఒకటి పెట్టుకున్నాడని తరువాత తెలిసింది, అది ఆన్‌లో ఉంటే ఏకంగా పరాయి దేశమే కనబడుతుంది. ఫోను వేగంగా నడుస్తుందని నమ్మి కుర్రాళ్లు వేసుకునే ‘క్లీనర్’ యాప్‌ల మీద కూడా నాకు సదభిప్రాయం లేదు, వాటిలో కొన్ని బ్రౌజరులోని ఈ గుర్తులనే చెత్తగా ఊడ్చేస్తాయి.

నా ఖచ్చితమైన అభిప్రాయం ఏమిటంటే, తనిఖీలను ఆపే ఉపాయం వెతకడం దండగ, పాస్‌వర్డు పంచుకోవడం మానాలి. మ్యాపులో దుకాణం పని చూసుకోవడానికి యజమాని పాస్‌వర్డు ఎవరికీ అక్కరలేదు. యజమాని అకౌంటుతో దుకాణం ప్రొఫైలు తెరిచి, మూడు చుక్కల మెనూలో `Business Profile settings`, అందులో `People and access` లోకి వెళ్లి, పనివాళ్ల సొంత జీమెయిలు చిరునామా ఇచ్చి `Manager` అని ఎంచుకుని ఆహ్వానం పంపాలి. వాళ్లు దానిని ఒప్పుకుంటే చాలు. మేనేజరు ఫొటోలు పెట్టగలరు, పనివేళలు మార్చగలరు, రివ్యూలకు జవాబివ్వగలరు, కానీ ఇంకొకరిని చేర్చడం, తీసివేయడం, ప్రొఫైలునే తొలగించడం వారి వల్ల కాదు. ఎవరి ఫోనులో వాళ్ల అకౌంటు ఎప్పటినుంచో తెరిచే ఉంటుంది కాబట్టి అక్కడ కొత్తగా అనుమానించడానికి కారణమే ఉండదు. `Owner` హోదాను మాత్రం చేతికొచ్చినట్టు పంచకండి, మా ఇంట్లో నేనూ నా భార్యా తప్ప ఎవరికీ లేదు.

మెయిలుకు వేరే ఏర్పాటుంది. కంప్యూటరులో జీమెయిలు సెట్టింగులు తెరిచి, `Accounts and Import` కింద `Grant access to your account` దగ్గర బిల్లింగు అమ్మాయి చిరునామా చేర్చాను. ఆమె తన సొంత మెయిలులోంచే దుకాణం మెయిలు చదివేది, జవాబిచ్చేది, కానీ పాస్‌వర్డు మార్చే వీలు ఆమెకు ఉండేది కాదు. ఆమోదించాక అది అమల్లోకి రావడానికి ఒక రోజు వరకు పట్టవచ్చు, వెంటనే కనబడలేదని మళ్లీ మొదటి నుంచి చేయకండి. ఈ పనికి మేము బిల్లింగు కంప్యూటరునే వాడుతున్నాం, ఫోను మీద ఆధారపడలేదు.

ఇక యజమాని అకౌంటు రెండే పరికరాలలో ఉంటుంది, నా ఫోనూ ఆ కంప్యూటరూ. రెండింట్లోనూ ఎప్పుడూ లాగౌట్ చేయం. బదులుగా తెరకు తాళం పెట్టాం. బస్సులో కోడ్‌లు చదివే బాధ పోవడానికి టూ స్టెప్ వెరిఫికేషనులో అథెంటికేటర్ యాప్ పెట్టాను. తెర మీద క్యూఆర్ చూపినప్పుడు తరువాతి మెట్టుకు వెళ్లకుండా ఆగి, నా ఫోనుతోనూ నా భార్య ఫోనుతోనూ స్కాన్ చేశాం. ఆ క్యూఆర్‌లోని రహస్య సంఖ్యనూ గడియారాన్నీ కలిపి లెక్కగట్టేదే ఆ కోడ్, అందుకే రెండు ఫోన్లలోనూ 30 సెకన్లకొకసారి ఒకే ఆరంకెలు మారుతుంటాయి, సిమ్ గానీ సిగ్నల్ గానీ అక్కరలేదు. ఒకసారి నా భార్య ఫోనులోని కోడ్ వరుసగా తప్పయింది. చూస్తే గడియారం చేత్తో పెట్టి ఉంది, కొన్ని నిమిషాలు వెనుకబడింది. సమయాన్ని ఆటోమేటిక్‌లో పెట్టగానే సరిపోయింది. ఫోనుకు ప్రశ్న పంపి తెర ఆగిపోతే `Try another way` నొక్కి ఈ కోడ్ ఇవ్వవచ్చు. దీనికి తోడు బ్యాకప్ కోడ్‌లు 10 వస్తాయి. అవి ఎనిమిదేసి అంకెలవి, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి ఇంటి బీరువాలో పెట్టి, వాడినదాన్ని కొట్టేస్తున్నాం. కొత్త జాబితా తీసుకుంటే పాతది చెల్లదు.

ఇంత చేసినా తనిఖీలు పూర్తిగా మాయం కావు. రికవరీ నంబరు మార్చబోయినప్పుడు, కొత్త ఫోను కొన్నప్పుడు అడుగుతుంది, అడగాలి కూడా. మేనేజర్లను పెట్టుకునే వీలు లేని వెబ్‌సైట్లూ ఉంటాయి. మేము సరుకు తెప్పించుకునే ఒక టోకు వ్యాపారి సైటు అలాంటిదే. దానిని దుకాణంలోని ఒక్క కంప్యూటరులోనే తెరిచి ఉంచాం, ఎవరికి పని ఉన్నా అక్కడికే వచ్చి చేసుకుంటారు. మొదట్లో గొణుగుళ్లు వినబడ్డాయి, ఇప్పుడు లేవు.

ఈ ఏడాది బిల్లింగు అమ్మాయికి పెళ్లి కుదిరి పని మానేసింది. `People and access` లో ఒకచోట, మెయిలు సెట్టింగులో మరొకచోట ఆమె పేరు తీసేశాను. మిగిలిన ముగ్గురి ఫోన్లలో ఏమీ మారలేదు, ఆ రోజు నా ఫోనుకు ఒక్క కోడ్ కూడా రాలేదు.