షార్ట్‌కట్ బ్యాచ్‌లో చేర్చే ముందు మీవాడి పేపర్ ఒకసారి చూడండి

"సార్, మాది గుంటూరు బ్రాడీపేట. మావాడు సీనియర్ ఇంటర్ ఎంపీసీ. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పద్ధతి తెలుసంటాడు, జవాబు మాత్రం తప్పుతోంది. వాడి ఫ్రెండ్సంతా షార్ట్‌కట్ క్రాష్ కోర్సులో చేరిపోయారు. వీణ్ణీ చేర్చాలా, ఉన్న కోచింగ్ సరిపోతుందా? అసలు లెక్కలే రావేమోనని భయంగా ఉంది. డేటా సైన్స్ తీసుకుంటే ఈ కాల్క్యులస్ గొడవే ఉండదంటున్నారు. వాడు చేసిన పేపర్ ఫొటో పంపుతున్నాను."

మీవాడికి లెక్కలు వచ్చండి. పేపర్ చూసే ఈ మాట చెబుతున్నాను. మీరు జవాబు పక్కనున్న ఇంటూ మార్కు చూశారు, నేను దానికి ముందున్న ఆరు లైన్లు చూశాను.

లెక్క ఇది: కాచిన పాలు 90 డిగ్రీల వేడి మీద దించారు, గదిలో 30 డిగ్రీలు. పది నిమిషాలకు పాలు 75కి వచ్చాయి. తోడు వేయడానికి 40 కావాలి. దించినప్పటి నుంచి మొత్తం ఎంతసేపు పడుతుంది?

T పాల వేడి, t దించాక గడిచిన నిమిషాలు, k ఒక స్థిరరాశి అనుకుని, గది కంటే ఎంత ఎక్కువ వేడి ఉంటే అంత త్వరగా చల్లారతాయన్న న్యూటన్ నియమంతో మీవాడు dT/dt = −k(T − 30) అని సరిగ్గా మొదలుపెట్టాడు. T ఉన్నవన్నీ ఒకవైపు, t ఉన్నవన్నీ ఇంకోవైపు చేర్చి, ఇంటిగ్రేట్ చేసి log(T − 30) = −kt + C రాశాడు. ఇక్కడిదాకా వంక పెట్టడానికేమీ లేదు. తప్పు ఆ తర్వాతి లైన్లో ఉంది:

T − 30 = e^(−kt) + C

లాగ్ తీసేసినప్పుడు C కూడా ఘాతంలోకే వెళ్లాలి. అంటే అది e^(−kt)కి గుణకంగా వస్తుంది, బయట కూడిక గుర్తుతో మిగలదు. వీడు కూడికగానే ఉంచి, t = 0 దగ్గర 60 = 1 + C కాబట్టి C = 59 అన్నాడు. పది నిమిషాల దగ్గర e^(−10k) = −14 వచ్చింది. దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి మొత్తం కొట్టేశాడు. ఆ సున్నాకి నేనైతే సగం మార్కులు వేస్తాను. e ఘాతం ఎప్పటికీ ఋణసంఖ్య కాదని వాడికి తెలుసు, అందుకే ఆగాడు. లెక్కలు రాని పిల్లలు అక్కడ ఆగరు, మైనస్ మింగేసి ముందుకు పోతారు.

ఈ తప్పు మళ్లీ రాకుండా ఒక అలవాటు చేయించండి. C రాయడమే మానేయమనండి. మొదటి షరతును నేరుగా ఇంటిగ్రేషన్ హద్దుల్లో పెట్టాలి: ఎడమవైపు 90 నుంచి T వరకు, కుడివైపు 0 నుంచి t వరకు. అప్పుడు log((T − 30)/60) = −kt అని ఒక్క లైన్లో వస్తుంది, తప్పిపోవడానికి స్థిరరాశే ఉండదు. పది నిమిషాల రీడింగ్ పెడితే e^(−10k) = 45/60 = 3/4. ఇక్కడ k విలువ కట్టాల్సిన పని లేదు. తొందరపడి 0.03 అని గుండ్రం చేస్తే చివర్లో రెండున్నర నిమిషాలు తేడా కొడుతుంది. ఇలాగే ఉంచుకోవాలి:

T − 30 = 60 × (3/4)^(t/10)

40 డిగ్రీలకు ఎడమవైపు 10, అంటే (3/4)^(t/10) = 1/6. t = 10 × log 6 / log(4/3), సుమారు 62 నిమిషాలు. సరిచూసుకోవడం కూడా తేలికే. 30కి పైనున్న వేడి ప్రతి పది నిమిషాలకూ నాలుగింట మూడొంతులవ్వాలి: 60, 45, 33.75. t చాలా పెద్దదైతే T 30 దగ్గరికి చేరాలి. గది వేడి తీసేయడం మరిచిపోయి T = 90e^(−kt) అని రాసినవాళ్లకు 44 నిమిషాలొస్తుంది. వాళ్ల సమీకరణం ప్రకారం పాలు గదిలోనే గడ్డకట్టే చలికి చేరాలి!

ఇక షార్ట్‌కట్ సంగతి. మొదటి ప్రయత్నం కొట్టేశాక మీవాడు ఫ్రెండ్ నోట్సులోని సగటు సూత్రం వాడాడు: (T1 − T2)/t = k × (సగటు వేడి − 30). మొదటి పది నిమిషాల నుంచి k = 0.0286 వచ్చింది, అసలు విలువ 0.0288, దాదాపు సరే. తర్వాత 75 నుంచి 40కి ఒకే దూకులో వెళ్లాడు. సగటు 57.5, గది కంటే 27.5 ఎక్కువ, కాబట్టి 44.5 నిమిషాలు, మొదటి పది కలిపితే 54.5. ఆప్షన్లలో 54.5 ఉంది, టిక్ పెట్టేశాడు. ప్రశ్నపత్రం తయారుచేసినవాళ్లు ఆ ఆప్షన్ ఊరికే పెట్టలేదు.

ఎందుకు తప్పింది? పాలు 75 దగ్గర త్వరగా చల్లారతాయి, 40 దగ్గరపడేకొద్దీ నెమ్మదిస్తాయి. కాబట్టి ఎక్కువసేపు తక్కువ వేడి దగ్గరే గడుస్తుంది. గది కంటే ఉన్న తేడా 45 నుంచి 10కి పడింది. దానికి మామూలు సగటు 27.5. ఇక్కడ సరైనది లాగ్ సగటు: (45 − 10) / log(45/10), అంటే 23.3. మామూలు సగటు తేడాను ఎక్కువ చేసి చూపింది కాబట్టి టైము తక్కువొచ్చింది. 60 నుంచి 45కి పడినప్పుడు రెండు సగటులూ దాదాపు ఒకటే, అందుకే అక్కడ సూత్రం పనిచేసింది. గది కంటే ఉన్న తేడాలో పడిపోయింది చిన్న భాగమైతేనే అది వాడాలి. ఈ హద్దు మీవాడు చూసిన నోట్సులో ఒక్క ముక్క లేదు. షార్ట్‌కట్ కోర్సుల మీద నా అనుమానమంతా ఇదే: సూత్రం చేతిలో పెడతారు, ఎక్కడ ఆపాలో చెప్పరు. మీరడిగిన పోలికకు జవాబు కూడా ఇదే అనుకోండి. ఉన్న కోచింగ్ చాలు.

ఆ 23.3ను చిన్నచూపు చూడకండి. కెమికల్, మెకానికల్ వాళ్లు హీట్ ఎక్స్చేంజర్ సైజు కట్టేది ఈ రకం లాగ్ సగటుతోనే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఉన్నలాంటి కండెన్సర్లకూ అదే లెక్క.

డేటా సైన్స్‌లో కాల్క్యులస్ ఉండదని మీకెవరు చెప్పారోగానీ, వాళ్ల మాట మీద బ్రాంచి తీసుకోకండి. పాల రీడింగులు ఓ ఇరవై ఇచ్చి k ఎంతో చెప్పమంటే, log(T − 30)ను t మీద గీసి ఆ గీత వాలు చూడాలి. గది వేడి తప్పుగా తీసుకుంటే గీత వంగుతుంది. మూత లేని గిన్నెలో మొదట్లో ఆవిరి వల్ల కూడా వేడి పోతుంది, అందుకు కూడా వంగుతుంది. అలాంటప్పుడు నిజంగా పట్టే టైము 62 కంటే ఎక్కువే. ఆ వంపు ఎందుకొచ్చిందో చెప్పడమే ఆ ఉద్యోగం. సమీకరణం తెలియనివాడికి గీత కనిపిస్తుంది, కారణం కనిపించదు.

ఒక్కమాట కటువుగా చెప్పాలి. ఫొటోలో పేజీ పైన "ఒక నిమిషంలో చేయాలి" అని ఎర్ర ఇంకుతో రాసి ఉంది, అది పిల్లాడి దస్తూరీ కాదు. e^(−10k) = −14 అని వచ్చినప్పుడు రెండు లైన్లు వెనక్కి వెళ్లి చూసుంటే వాడికే తప్పు దొరికేది. గడియారం చూసి షార్ట్‌కట్‌కు పరుగెత్తాడు. పక్కింటి పిల్లల ఫీజు రసీదులు చూసి మీరు పడిన కంగారు వాడి పెన్నులోకి దిగింది. ఈ చాప్టర్ వరకైనా ఆ టైమింగ్ ఆపండి.

ఈవారం వాడికి ఒక లెక్కివ్వండి: ఫ్రిజ్‌లోంచి తీసిన 6 డిగ్రీల నీళ్లు, గది 30, పది నిమిషాలకు 12 అయ్యాయి. 21 ఎప్పుడవుతాయి? ఇక్కడ T − 30 ఋణసంఖ్య, కాబట్టి లాగ్ లోపల మాడ్యులస్ పెట్టాలి, లేదా 30 − T అని రాయాలి. హద్దులు పెట్టి చేస్తే తేడా 24 నుంచి 18కి, అంటే మళ్లీ 3/4 వస్తుంది, జవాబు సుమారు 34 నిమిషాలు. సగటు సూత్రంతో 33 వస్తుంది. రెండూ చేయించి, ఈసారి అంత దగ్గరగా ఎందుకొచ్చాయో వాణ్ణే చెప్పమనండి.